చెమటకాయలకు పౌడర్ కాదు, ముందు చర్మం ఆరాలి

“మే నెల వస్తే చాలు, మెడ, వీపు నిండా చెమటకాయలు. రోజుకు మూడు నాలుగుసార్లు పౌడర్ కొడుతున్నా తగ్గట్లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చేయాలండీ?”

ముందు ఆ పౌడర్ ఆపి చూడండి. మాది కాకినాడ, ఇక్కడి ఉక్కపోతలో నాకు ఏటా వస్తాయి కాబట్టి చెప్తున్నా. చర్మం గంటల తరబడి తడిగా ఉంటే పైపొర నాని, చెమట బయటికొచ్చే సన్నటి దారులు మూసుకుపోతాయి. చెమట లోపలే ఇరుక్కుని చుట్టూ ఎర్రగా పొక్కుతుంది, సూదులతో గుచ్చినట్టు చురుక్కుమంటుంది. చెమట మీద పౌడర్ చల్లితే అది తడిసి అట్టకట్టి అక్కడే ఉండిపోతుంది. చల్లగా అనిపించేది అందులోని మెంథాల్ వల్ల, అది కాసేపే. కొబ్బరినూనె, జిడ్డు క్రీములు కూడా వద్దు.

నేను చేసేది ఇది. ఇంటికి రాగానే మామూలు చల్లనీళ్లతో స్నానం, సబ్బు కొంచెమే, పీచుతో రుద్దడం అస్సలు లేదు. టవల్‌తో అద్దుకుని చొక్కా వేసుకోకుండా ఫ్యాన్ కింద కూర్చుంటా. పూర్తిగా ఆరాక కాలమిన్ లోషన్ పల్చగా రాస్తా, దానితో దురద తగ్గుతుంది. అసలు పని చేసేది మాత్రం ఆ ఆరడమే. ఏసీ ఉంటే రోజూ కొన్ని గంటలు అందులో ఉండండి, చాలా తేడా తెలుస్తుంది. నీళ్లు పోసే కూలర్ మాత్రం మన కోస్తాలో వద్దు, అసలే తేమగా ఉన్న గాలికి ఇంకా తేమ కలుపుతుంది, చెమట ఆరదు. (పొడి ఎండలుండే ఊళ్లలో అయితే బాగానే పనిచేస్తుంది.)

వీపు మీద వస్తున్నాయంటే అక్కడ గాలి ఆడకుండా ఏం ఆనుకుంటోందో చూడండి. నాకది బండి మీద వెళ్లేటప్పుడు తగిలించుకునే ఆఫీసు బ్యాగు. దాన్ని బండికి కట్టేసి, మధ్యాహ్నం తడిసిన బనియన్ తీసి పొడిది వేసుకోవడం మొదలుపెట్టాక వీపు మీద బాగా తగ్గాయి. మెడకైతే గొలుసు, బిగుతు కాలరు, మెడ మీద పడే జుట్టు. రాత్రి ఫోమ్ పరుపు బదులు చాప మీదో నులక మంచం మీదో పలచని నూలు దుప్పటి వేసి పడుకోండి.

ఇలా చేస్తే రెండు మూడు రోజుల్లో కొత్తవి రావడం ఆగాలి. తర్వాత ఆ చోట పొట్టు లేస్తుంది, అది మామూలే. పైకి తగ్గినా ఆ దారులు పూర్తిగా కోలుకోవడానికి ఇంకో రెండు వారాలైనా పట్టొచ్చు, ఈలోపు మళ్లీ తెగ చెమట పడితే తిరిగి వస్తాయి.

మెడికల్ షాపులో ఇచ్చే ఏదో ఒక ఆయింట్‌మెంట్ మాత్రం రాయకండి. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, మీది చెమటకాయలు కాక తామర అయితే అది లోపల పెరుగుతూనే ఉంటుంది. అంచు ఎర్రగా ఉండి గుండ్రంగా పాకుతుంటే తామరేమో అనుకోవాలి. గోకిన చోట చీము పట్టినా, నొప్పి, వేడి పెరిగినా, జ్వరం వచ్చినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి డాక్టర్‌కు చూపించండి.