మధ్యలో వచ్చిన నలభై వేలు వడ్డీకి పోతాయా, అసలుకా?

ప్రశ్న: మాది రాయగడ. భువనేశ్వర్‌లో ఒక కంపెనీకి ఒడియా నుంచి తెలుగుకి సబ్‌టైటిల్స్ చేసిచ్చాను సార్. 73,000కి బిల్లు 2025 జనవరి 10 తేదీతో అదే రోజు మెయిల్ చేశాను. అగ్రిమెంట్‌లో బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో కట్టాలి, లేటైతే సాలీనా 18 శాతం వడ్డీ అని ఉంది. మే 20న 40,000 వేశారు, అంతే, ఇప్పుడు వడ్డీ మాట మర్చిపోమంటున్నారు. సెప్టెంబర్ 30 నాటికి నాకు ఎంత రావాలి? చక్రవడ్డీ వేయొచ్చా?

జవాబు: చక్రవడ్డీ వద్దండి, అగ్రిమెంట్‌లో ఆ మాట లేదు కాబట్టి బారు వడ్డీయే. 18 శాతం అంటే మన బజార్లో అనే రూపాయిన్నర వడ్డీ, ఏ జడ్జీకీ ఎక్కువ అనిపించే రేటు కాదు, అదే ఐదు రూపాయల వడ్డీ రాసుకుని ఉంటే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 కింద అది పెనాల్టీ అని వాదించి తగ్గించమని అడిగేవాళ్ళు.

ముందు తేదీ చూద్దాం, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వడ్డీ బిల్లు తేదీ నుంచి నడవదు, గడువు దాటాక నడుస్తుంది. "తేదీ నుంచి 30 రోజులు" అన్నప్పుడు ఆ మొదటి రోజు లెక్కలోకి రాదు, జనవరి 11 ఒకటో రోజు, అలా లెక్కేస్తే ముప్పయ్యో రోజు ఫిబ్రవరి 9, ఆ రోజు రాత్రి దాకా వాళ్ళకి టైమ్ ఉంది. ఫిబ్రవరి 10 నుంచి మీటర్ తిరుగుతుంది.

73,000 మీద 18 శాతం అంటే ఏడాదికి 13,140, రోజుకి సరిగ్గా 36 రూపాయలు. ఫిబ్రవరి 10 నుంచి మే 20 దాకా 100 రోజులు, అంటే వడ్డీ 3,600.

ఇప్పుడు ఆ నలభై వేలు. ప్రాంసరీ నోటు వెనక చెల్లు వేసేటప్పుడు మన పెద్దలు ఎలా వేసేవాళ్ళో కోర్టు కూడా అలాగే చూస్తుంది, ముందు వడ్డీకి, మిగిలింది అసలుకి. ఇది 1921లో మన తెలుగు జమీందార్ల కేసులోనే ప్రివీ కౌన్సిల్ చెప్పిన సంగతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. కాబట్టి 3,600 వడ్డీకి పోగా 36,400 అసలులో తగ్గింది, మిగిలిన అసలు 36,600. దాని మీద రోజుకి 18 రూపాయల 5 పైసలు, మే 21 నుంచి సెప్టెంబర్ 30 దాకా 133 రోజులకి 2,400. మొత్తం కలిపి 39,000 రావాలి. ఆ తర్వాత లేటయ్యే ప్రతి రోజుకీ ఇదే 18 రూపాయల చిల్లర.

అయితే ఒక మెలిక ఉంది. డబ్బు వేసేటప్పుడు వాళ్ళు "ఇది బిల్లు అసలు కింద" అని స్పష్టంగా రాసి పంపితే, మీరు తీసుకుంటే, సెక్షన్ 59 ప్రకారం అసలుకే పోతుంది. వాళ్ళు ఏమీ చెప్పకపోతే దేనికి జమ చేసుకోవాలనేది మీ ఇష్టం, కానీ ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేరు. మీ వాట్సాప్ ఒకసారి తిరగేయండి, డబ్బు పడ్డాక మీరే "థాంక్యూ సార్, మిగతా 33,000 ఎప్పుడు" అని పెట్టి ఉంటే వాళ్ళ వకీలు దాన్నే పట్టుకుంటాడు. అప్పుడు లెక్క మారి మొత్తం 38,764 అవుతుంది. తేడా 236 రూపాయలే, దానికోసం గొడవ పడకండి, కానీ నోటీసులో ఒకే లెక్క మీద నిలబడండి, రెండు లెక్కలు రాస్తే మొత్తం మీదే అనుమానం వస్తుంది.

వాళ్ళు "టీడీఎస్ కట్ చేశాం" అంటే మీ పాన్ మీద 26ఏఎస్‌లో చూడండి. అక్కడ కనిపిస్తే అది మీకు వచ్చిన డబ్బే, ఆ మేరకు బాకీ తగ్గించాలి. కనిపించకపోతే ఆ మాట చెల్లదు.

పని ఒప్పుకునే ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే కథే వేరు, ఎంఎస్ఎంఈ చట్టం కింద రిజర్వ్ బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ కూడా అడగొచ్చు. ఇప్పుడు రిజిస్టర్ చేసుకుంటే ఈ పాత బిల్లుకి పనికొస్తుందని నమ్ముకోకండి.

ఇంత చిన్న మొత్తానికి నేరుగా దావా వేయమని నేను చెప్పను. ఈ లెక్కంతా ఒక పేజీలో తేదీలతో సహా రాసి, అగ్రిమెంట్, బిల్లు, బిల్లు మెయిల్ కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేసి 15 రోజుల టైమ్ ఇచ్చి స్పీడ్ పోస్ట్‌లోనూ మెయిల్‌లోనూ పంపండి. కదలకపోతే రాయగడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టండి, కోర్టు ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం. కానీ వాళ్ళని బలవంతంగా కూర్చోబెట్టలేరు. రాకపోతే దావానే, దానికి మూడేళ్ళ గడువు, అంటే 2028 ఫిబ్రవరి మొదటి వారంలోపే వేసేయాలి. అగ్రిమెంట్ చివర్లో "భువనేశ్వర్ కోర్టుల్లోనే" అనే లైన్ ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే రాయగడలో వేసిన దావా అక్కడే ఆగిపోతుంది.