సీటు లేకున్నా జాగ ఉంటది: పది నిమిషాల ప్రసంగాన్ని ఎనిమిదికి దించడం

తమ్ముడూ,

ఆర్టీసీ కండక్టరైన మీ మేనమామ తన రిటైర్మెంట్ సభలో మాట్లాడటానికి నువ్వు రాసిచ్చిన ప్రసంగం చదివాను. నీ టెన్షన్ కూడా అర్థమైంది. డిపో వాళ్ళు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు, నీ రాత పది నిమిషాలు నడుస్తోంది, అంటే సరిగ్గా ఐదో వంతు తగ్గాలి. "ఏది తీసినా మామయ్య మాట పోతుందేమో" అన్నావు. నీ కాగితంలో మామయ్య మాట కన్నా నీ మాటే ఎక్కువుంది, అది పోతే నష్టం లేదు. కానీ ఏది ఎవరిదో తేల్చకుండా కత్తెర పట్టావంటే ముందుగా తెగేది ఆయన మాటే, ఎందుకంటే కాగితం మీద అదే కొంచెం గరుకుగా, "సరిచేయాల్సినట్టు" కనిపిస్తుంది.

ముందు కొలత సంగతి. నువ్వు వెయ్యి మాటలని లెక్కపెట్టి ఎనిమిది వందలకు తేవాలనుకున్నావు. తెలుగులో మాటల లెక్క మోసం చేస్తుంది. "వెళ్ళి పోయాను" అని విడదీసి రాస్తే రెండు మాటలు, కలిపి రాస్తే ఒకటి, నోటికి మాత్రం తేడా లేదు. నువ్వు 1932 అని నాలుగు అంకెలు వేశావు, ఆయన "పందొమ్మిది వందల ముప్పై రెండు" అని పలకాలి. అందుకని మాటలు వదిలేసి సెకన్లు పట్టుకో. అదీ నీ గొంతుతో కాదు, ఆయన గొంతుతో. ఫోన్‌లో రికార్డర్ పెట్టి మామయ్యతో ఒకసారి మొత్తం చదివించు. మధ్యలో ఆపకు, సరిదిద్దకు. ఆ రికార్డింగే నీకు గడియారం, పరీక్ష పేపరు కూడా.

రెండోసారి వింటూ ఆయన ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ గొంతు ఒక్కసారిగా బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు మారిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలున్న చోట్లన్నీ నీవి. ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కింద ఒక రైతు రేడియో ప్రసంగాన్ని సరిచేస్తూ ఆయన "ఎవుసం" అన్న చోటల్లా "వ్యవసాయం" అని మార్చాను, పెద్ద మేలు చేసినట్టు. మైకు ముందు ఆయన ఆ మాట దగ్గరకు వచ్చినప్పుడల్లా ఒక అర సెకను ఆగారు. ఐదారుసార్లు ఆగాక ఇక ఆయన మాట్లాడటం మానేసి కాగితం చదవడం మొదలుపెట్టారు. ప్రసంగం సమయానికే అయిపోయింది, ఆయన మాత్రం అందులో లేరు.

ఇప్పుడు తాకకూడని మాటలు. నువ్వు ఎర్రపెన్నుతో ఆరు మాటలకు డబ్బా గీసి పంపావు, మంచి పనే, కానీ అందులో రెండు తప్పు. ఒకటి "కాలగమనంలో". తమ్ముడూ, ముప్పై నాలుగేళ్ళు కండక్టరు చేసిన మనిషి బస్సులోగానీ ఇంట్లోగానీ "కాలగమనంలో" అని ఎప్పుడైనా అన్నారా? అది నీకిష్టమైన మాట. మనకిష్టమైన మాటలు ఎదుటివాళ్ళ నోట్లో పెట్టి, తర్వాత వాళ్ళ సొత్తని కాపాడుతుంటాం, నేనూ చేశాను. రెండోది "అదే నేను చెప్తున్న". అది ఆయనదే, కాదనను, కానీ ఊతపదం. నువ్వు ఆరుచోట్ల రాశావు. ఊతపదాన్ని కాగితం మీద రాయక్కర్లేదు, మైకు ముందు అది దానంతటదే వస్తుంది. నువ్వూ రాసి, ఆయనా అంటే రెండింతలవుతుంది. ఐదు తీసెయ్, యూనియన్ గురించి చెప్పి గట్టిగా ముగించే చోట ఒక్కటి ఉంచు, అక్కడ అది ఊత కాదు, నిజంగా గీత గీస్తోంది.

ఊతపదానికీ సొంత మాటకూ తేడా ఎలా పట్టాలంటావా? తీసేసి చూడు. ఊతపదం తీస్తే వాక్యం తేలికవుతుంది, అర్థం అలాగే ఉంటుంది. సొంత మాట తీస్తే ఆ వాక్యం ఎవరైనా అనగలిగిన వాక్యం అయిపోతుంది. ఇంకా అనుమానముంటే మీ అత్తయ్యకు చదివి వినిపించు, ఎవరి ప్రసంగమో చెప్పకుండా. మామయ్య మాట "సీటు లేకున్నా జాగ ఉంటది" దగ్గరకు రాగానే ఆమె నవ్వకపోతే నన్నడుగు.

ఆ మాటే నీ ప్రసంగానికి ప్రాణం, అందుకే దాన్ని కాస్త నిదానంగా చూద్దాం. నువ్వు దాన్ని ఐదుసార్లు వాడావు. పది నిమిషాల్లో ఐదుసార్లు సరిపోయింది. ప్రసంగం ఎనిమిది నిమిషాలకు దిగాక కూడా ఐదూ ఉంచితే అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మామయ్య తన్ను తానే మిమిక్రీ చేసుకుంటున్నట్టు ఉంటుంది. కాపాడటమంటే అన్నిసార్లూ ఉంచడం కాదు. మూడు చాలు: మేడారం కథలో మొదటిసారి, మధ్యలో కొత్తగా డ్యూటీలో చేరిన కుర్రాళ్ళకు చెప్పే చోట, చివర్లో ఇంట్లో మనవళ్ళతో సర్దుకోవడం గురించి చెప్పే చోట. మూడుచోట్లా మాట ఒకటే, అర్థం మాత్రం కొంచెం జరుగుతుంది, బస్సు నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి. మిగతా రెండూ ఊరికే మళ్ళీ అన్నవి.

ఇంకో లెక్క. ఆ మాట పలకడానికి రెండు సెకన్లే, కానీ దాన్ని మోసేది మేడారం కథ. సమయం కోసం ఆ కథ తీసేసి మాట మాత్రం ఉంచావనుకో, జాతర బస్సు చూడని పిల్లలకు అది గోడ మీద రాసిన సూక్తిలా ఉంటుంది. అందుకని మాటనూ కథనూ కలిపి ఒక డబ్బాలో పెట్టు. కథలో మాట చుట్టూ పేరుకున్న పొట్టు మాత్రం ఊదెయ్. నువ్వు రాసింది ఇది:

"మేడారం జాతర సందర్భంగా ప్రత్యేక బస్సులు నడపడం జరిగింది. బస్సు ప్రయాణికులతో కిక్కిరిసి ఉండటం వల్ల కాలు పెట్టడానికి కూడా చోటు లేదు. అప్పుడు ఒక వృద్ధురాలు బంగారం, అంటే అమ్మవార్లకు సమర్పించే బెల్లం, మూటను నెత్తిన పెట్టుకుని రావడం జరిగింది. సీటు లేకున్నా జాగ ఉంటది, ఎక్కు అవ్వా అని నేను ఆమెతో అన్నాను. మనసుంటే మార్గం ఉంటుందని దీని అర్థం."

నేనైతే ఇలా ఉంచుతాను:

"మేడారం జాతరకు స్పెషల్ వేసిన్రు. కాలు పెట్ట సందు లేదు. ఒక అవ్వ బంగారం మూట నెత్తిన పెట్టుకొని వచ్చింది. సీటు లేకున్నా జాగ ఉంటది, ఎక్కు అవ్వా అన్న."

45 మాటలు 22 అయ్యాయి, గడియారం మీద దాదాపు 14 సెకన్లు మిగిలాయి. ఏం పోయిందో చూడు. "జరిగింది"లు పోయాయి, ఆయన నడిపినదాన్ని "నడపడం జరిగింది" అంటే బస్సు దానంతటదే వెళ్ళినట్టుంది. "అంటే బెల్లం" పోయింది, అక్కడ కూర్చునే ఆర్టీసీ జనానికి మేడారంలో బంగారమంటే బెల్లమని నువ్వు చెప్పాలా? చివరి వివరణ పోయింది, ఎందుకంటే సామెత లాంటి మాట పక్కన అర్థం రాస్తే నవ్వు ఆగిపోతుంది. వృద్ధురాలు అవ్వ అయింది, ఎందుకంటే ఆయన పిలిచింది అవ్వా అనే. ఒక చిన్న సంగతి గమనించావో లేదో, నా మొదటి ప్రతిలో "కాలు పెట్ట జాగ లేదు" అని వచ్చింది, సహజంగానే ఉంది, కానీ జాగ అన్న మాట ముందే ఖర్చయిపోతే రెండు వాక్యాల తర్వాత వచ్చే అసలు మాట చప్పబడుతుంది. అందుకే సందు పెట్టాను. ఆయన సొంత మాటలో ఉన్న ముఖ్యమైన పదాన్ని దాని చుట్టుపక్కల ఇంకెక్కడా రానివ్వకు.

ఇలా వాక్యాల్లో పొట్టు ఊదితే ఇంకో 11 సెకన్లు, మొత్తం 25 వచ్చాయి నాకు. మనకు కావలసింది 120. మిగతాది ఇలా గీకితే రాదు, మొండిగా గీకావా మామయ్య వాక్యాలు టెలిగ్రాముల్లా అయిపోతాయి, ఊపిరి పోతుంది. పెద్ద ముక్కలే తీయాలి.

మొదటిది, 1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలైన ఆర్టీసీ చరిత్ర. 40 సెకన్లు. నిజమే, మంచి సమాచారమే, కానీ ఆ సభలో దానికి పనిలేదు, మామయ్యకు కూడా అది సొంత జ్ఞాపకం కాదు. మొత్తం తీసెయ్. రెండోది, వేదిక మీది పెద్దల పేర్లు. ఇక్కడ జాగ్రత్త, ఊరికే తీస్తే ఎవరో ఒకరు అలుగుతారు. సభ నడిపే వాళ్ళతో ముందే మాట్లాడు, వాళ్ళెలాగూ అందరి పేర్లూ చదువుతారు, మామయ్య డిపో మేనేజరు గారినీ తన డ్రైవరు జతగాడినీ మాత్రం తలచుకుని "అందరికీ దండాలు" అంటారు. 25 సెకన్లు.

మూడోది నీకు బాధ కలిగిస్తుంది. పోయిన వస్తువు తిరిగిచ్చిన కథలు రెండున్నాయి, సర్టిఫికెట్ల సంచీ, పుస్తెల తాడు. సంచీ కథ బాగా రాశావు, నిజంగా బాగుంది, వానలో డిపో దగ్గర ఆ అబ్బాయి నిలబడటం వగైరా. కానీ అందులో మామయ్య నోరు విప్పరు. పుస్తెల తాడు కథ చిన్నది, నీరసంగా రాశావు, కానీ అందులో ఏడుస్తున్న అమ్మాయితో ఆయన "ఫికర్ లేదు బిడ్డా, బస్సు పోయినా కండక్టరు ఉన్నడు" అంటారు. సంచీ తీసెయ్, 30 సెకన్లు. రాత ఎక్కువ బాగున్నది కాదు, ఆయన మాట ఉన్నది మిగలాలి. సంచీ కథ నీ దగ్గరే దాచుకో, కథగా రాసుకో.

40, 25, 30, ఇందాకటి 25. మొత్తం 120 అయింది. ఇప్పుడు మళ్ళీ ఆయనతో చదివించి టైము చూడు. ఆయన సొంతంగా కలిపే "అదే నేను చెప్తున్న"లు కూడా అందులో పడతాయి కాబట్టి వాటికి వేరే లెక్క వద్దు, కానీ నవ్వులకు, చప్పట్లకు ఒక పది సెకన్లన్నా పడుతుంది. అది కావాలంటే ఇంకెక్కడా గీకకు, మామయ్య కొత్త కుర్రాళ్ళకిచ్చే సలహాల్లో చివరిది, యూనిఫాం గురించినది, తీసెయ్, అది డిపో నోటీసు బోర్డు మీద కూడా ఉంటుంది.

కాగితం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు. "సీటు లేకున్నా" ఒక పేజీ అడుగున, "జాగ ఉంటది" ఇంకో పేజీ మీద పడకుండా చూసుకో. ఆదివారం రికార్డింగు పంపు, వింటాను.

మీ అన్న