గోమార్లు పశువు మీదకన్నా గోడలోనే ఎక్కువ: పాక ఉన్న అబ్బాయికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సంకరజాతి ఆవుకు వచ్చినది థైలేరియాసిస్ అని డాక్టరుగారు రక్తపరీక్షలో తేల్చారనీ, సూది మందుతో జ్వరం దిగి మేత ముడుతున్నదనీ తెలిసి మనసు కుదుటపడింది. అయితే చివర నీవు రాసిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. నెలలో రెండుసార్లు మందు కొట్టినా పది రోజులు తిరగకుండానే మళ్ళీ గోమార్లు పట్టాయని రాశావు. ఆవు కోలుకుంటున్నా జబ్బును మోసుకొచ్చిన పురుగు నీ పాకలోనే ఉన్నదన్న మాట. అందుకే ఈ లేఖ.

నేనూ మొదట్లో నీలాగే ఆవుల మీదే మందు కొట్టి ఊరుకునేవాణ్ణి. ఒక వేసవిలో మూడు నెలల పెయ్యదూడ ఇదే జ్వరంతో చనిపోయింది. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని గాడి వెనక గోడను జానెడు జానెడు వెతికాను. మట్టి రాలిన ఒక పగుల్లో పుల్ల పెట్టి గీకితే, రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బిన బూడిదరంగు గోమార్లు ఏడెనిమిది జారి పడ్డాయి. వాటి వెనక గోధుమరంగు ఆవగింజల ముద్దలాగా గుడ్లు ఉన్నాయి. ఒక్కొక్క ఆడ పురుగు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. నేను ఆవుల మీద చంపినవాటికి ఎన్నో రెట్లు ఆ గోడలో పుట్టబోతున్నాయని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

థైలేరియాను మోసే హయలోమా జాతి గోమారి బతుకంతా పశువు మీద గడపదు. పశువు మీదకు ఎక్కి రక్తం తాగుతుంది, దిగి పగుల్లో దాక్కుని కుబుసం విడుస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది. చిన్నప్పుడు జబ్బు పశువు రక్తంతో పాటు తాగిన థైలేరియా క్రిమిని, పెద్దదయ్యాక ఇంకో పశువులోకి ఎక్కిస్తుంది. బబీసియాను, అంటే ఎర్రమూత్రం జబ్బును మోసే గోమారి తీరు వేరు. అది పిల్లగా పశువునెక్కి సుమారు మూడు వారాలు దానిమీదే పెరిగి, ఉబ్బిన తరువాతే కింద పడుతుంది. మొదటిదానికి గోడ ముఖ్యం, రెండవదానికి పశువు ఒళ్ళూ గడ్డీ ముఖ్యం. మన పాకల్లో రెండూ కలిసి ఉండవచ్చు గనుక, ఒళ్ళూ పాకా ఒకే రోజు చూసుకోవాలి.

ఇక నీ లెక్క చూద్దాం. మూడు ఆవులకూ రెండు పెయ్యలకూ కలిపి ఐదు లీటర్ల మందునీళ్ళు చాలాయని రాశావు. లోపం అక్కడే ఉంది. పెద్ద ఆవు వెంట్రుకల అడుగున చర్మం తడవాలంటే నాలుగు లీటర్లు కావాలి, పెయ్యకు రెండు కావాలి. మొత్తం పదహారు లీటర్లు అవుతుంది. నీ దగ్గర ఉన్న 12.5 శాతం అమిట్రాజ్‌ను లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలపాలి గనుక, పదహారు లీటర్లకు 32 మిల్లీలీటర్లు సిరంజితో కొలిచి పోయి. మూతతో ఉజ్జాయింపుగా పోయవద్దు. తక్కువైతే చావని పురుగు మందుకు అలవాటు పడుతుంది, ఎక్కువైతే పశువుకు ముప్పు. ఏ రోజు మందు ఆ రోజే కలుపుకో. కలుపుమందు కొట్టిన స్ప్రేయర్‌ను మాత్రం ఎంత కడిగినా పశువుల దగ్గరకు తేవద్దు.

ఎండ తగ్గాక, వాన సూచన లేని రోజున, ముందే కడుపునిండా నీళ్ళు తాగించి మొదలుపెట్టు. దాహంతో ఉన్న ఆవు తన ఒంటిని నాకుతుంది. వీపు మీద కొట్టడం అందరికీ వచ్చు. గోమారి ఉండేది చెవి లోపలి మడతల్లో, గంగడోలు కింద, ముందుకాళ్ళ చంకల్లో, తొడల మధ్య, పొదుగు చుట్టూ, తోక మొదట్లో. చెవులకు, కళ్ళ చుట్టూ మందులో తడిపిన గుడ్డతో చేతి తొడుగు వేసుకుని తుడువు, కంట్లో పడనీయకు. పాలు తీశాక కొట్టు. మళ్ళీ తీసేముందు పొదుగు శుభ్రంగా కడుగు. పాలు ఎన్ని పూటలు వాడకూడదో సీసా మీద ఉంటే అది పాటించు. జ్వరంతో ఉన్నదానికి, పసిదూడలకు, నిండుచూలుతో ఉన్నదానికి డాక్టరుగారిని అడగకుండా కొట్టవద్దు. ఇప్పుడే కోలుకుంటున్న నీ ఆవు సంగతి కూడా ఆయన్నే అడుగు.

అదే రోజు పాక పని చెయ్యి. పశువుల్ని బయట కట్టి, మేతా నీళ్ళూ తీసేసి, గాడి కింద, గోడ మొదట్లో, స్తంభాల చుట్టూ ఉన్న చెత్తను ఊడ్చి కాల్చెయ్యి. గోడ పగుళ్ళలోకి మందు కారేదాకా కొట్టు. గోడలకు మోతాదు వేరుగా సీసా మీద ఉంటుంది, అది చూసుకో. ఆరిన తరువాతే, గాడి కడిగి, పశువుల్ని లోపలికి తే. వారం ఆగి పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్చి సున్నం వెయ్యి. సున్నంలోనే మందు కలిపితే పని ఒకటే అవుతుందని కొందరంటారు గాని, డెల్టామెత్రిన్ వంటి మందుల బలాన్ని సున్నం చెడగొడుతుంది, కాబట్టి ఆ దారి నాకు నచ్చదు.

ఈ మందు గుడ్లను చంపదు. పగుల్లో మిగిలిన గుడ్లు వేడి రోజుల్లో నెల అటూ ఇటూగా పిగులుతాయి. అందుకే పదిహేనో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి పాకకూ పశువులకూ మళ్ళీ కొట్టాలి. నీవు రెండోసారితో ఆపేశావు, పిల్లలు పుట్టే వేళకు మందు లేకపోయింది.

కొట్టిన రెండు రోజుల తరువాత చెవులూ తొడలూ తడిమి చూడు. ఎండి, ముట్టుకుంటే రాలిపోతున్నాయంటే మందు పనిచేసినట్టే. అంతా తడిపి, సరిగ్గా కొలిచి కొట్టినా ఉబ్బినవి కాళ్ళు కదుపుతూ కనిపిస్తే, మోతాదు పెంచకు. వేరే వర్గపు మందుకు మారాలని డాక్టరుగారిని అడుగు. పీకిన పురుగును వేళ్ళతో నలపవద్దు, దాని రక్తం ద్వారా మనుషులకూ జ్వరాలు రావచ్చు. చేతి తొడుగుతో తీసి కిరోసిన్ సీసాలో వెయ్యి.

మళ్ళీ ఏ పశువుకు 104 డిగ్రీలు దాటిన జ్వరం వచ్చినా భుజం ముందర చెయ్యి పెట్టి చూడు. అక్కడ బిళ్ళ కట్టి కోడిగుడ్డంత తగిలితే థైలేరియా అని అనుమానించు. మూత్రం కాఫీ రంగులో ఉంటే బబీసియా కావచ్చు. మూత్రం మామూలుగానే ఉండి, కంటి లోపలి పొర పాలిపోయి పసుపు తిరిగి, పేడ గట్టిపడితే అనాప్లాస్మా అనే ఇంకో గోమార్ల జబ్బు అనుకోవచ్చు. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాకపోవచ్చు, థైలేరియాకు వేసే బుపార్వాక్వోన్ ఎర్రమూత్రాన్ని ఆపదు. అందుకని చెవి నరం నుంచి రక్తం తీసి గాజు పలక మీద చూసేదాకా ఎవరిచేతా ఊహ మీద సూది వేయించకు. చూడడం ఆ రోజే జరగాలి, రెండు రోజులు ఆగితే రక్తం బాగా పలచబడవచ్చు.

వచ్చే నెలలో ఇంకో ఆవును తెస్తానని రాశావు. దాన్ని తెచ్చిన రోజే బయట వేరేగా కట్టి మందు కొట్టి, మూడు వారాలు అక్కడే ఉంచి, జ్వరం చూస్తూ, ఒంటి మీద ఒక్క గోమారీ లేదని చేత్తో తడిమి తెలుసుకున్నాకనే పాకలోకి తీసుకురా.

నీ బాబాయి