16 ఆంప్స్ ఎంసీబీ పడుతోందంటే అక్కడ 24 ఉన్నట్టే

ప్రశ్న: "మా కంప్యూటర్ సెంటర్‌లో 30 సిస్టమ్‌లు ఒకే లైను మీద ఉన్నాయి. 16 ఆంప్స్ ఎంసీబీ అరగంటకో గంటకో పడిపోతోంది. నా క్లాంప్ మీటరు 12 ఆంప్స్ చూపిస్తోంది, ఇంకో ఎలక్ట్రీషియన్ మీటరు 24 చూపించింది. దేన్ని నమ్మాలి? ఎంసీబీ మార్చేయనా?"

24నే నమ్మండి. ఎంసీబీ జోలికి పోవద్దు, అది దాని పని సరిగ్గానే చేస్తోంది. స్విచ్ వేసిన క్షణంలోనే పడిపోతుంటే అది కెపాసిటర్లు ఒక్కసారిగా లాగే కరెంటు వల్లో షార్ట్ సర్క్యూట్ వల్లో, ఆ గొడవ వేరు. అరగంట ఆగి పడుతోందంటే లోపలి బైమెటల్ పట్టీ వేడెక్కి వంగుతోందని అర్థం. రేటింగ్‌కి 1.45 రెట్లు, అంటే 16 ఆంప్స్ దానికి 23.2 ఆంప్స్ పోతే గంటలోపు పడిపోవాలన్నది ఆ ఎంసీబీలకు ఉన్న నియమం. 12 ఆంప్స్‌కి మంచి ఎంసీబీ ఎన్నటికీ పడదు. ఆ బైమెటల్ పట్టీకి లెక్కలు రావు, వేడి మాత్రమే తెలుసు. ఆర్ఎంఎస్ అంటే సరిగ్గా ఆ వేడి కొలతే. అంటే మీ బోర్డులో ఒక ట్రూ ఆర్ఎంఎస్ పరికరం ముందే ఉంది, మీరు దాన్ని అనుమానిస్తున్నారు.

మీ మీటరు పాడవలేదు. దాని లెక్క కట్టే పద్ధతే వేరు. అది కరెంటుని రెక్టిఫై చేసి సగటు తీసి, ఆ సగటుని 1.11తో హెచ్చవేసి తెర మీద చూపిస్తుంది. గీజరుకో ఇస్త్రీ పెట్టెకో వెళ్లే నున్నటి సైన్ కరెంటుకి సగటుకీ ఆర్ఎంఎస్‌కీ ఉన్న నిష్పత్తి అంతే కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లై అలా లాగదు. లోపల కెపాసిటర్ నిండి ఉంటుంది. మెయిన్స్ ఓల్టేజి శిఖరం దగ్గరికి వచ్చి కెపాసిటర్ ఓల్టేజిని దాటినప్పుడే డయోడ్లు తెరుచుకుంటాయి, అప్పుడు కరెంటు ఒక్క దెబ్బలో లోపలికి దూకుతుంది. మిగతా సమయమంతా సున్నా.

మీ లైను లెక్కే చూద్దాం. అర సైకిల్ 10 మిల్లీసెకన్లు. అందులో కరెంటు 2.5 మిల్లీసెకన్లు మాత్రమే ఒక గుబ్బలా వచ్చి పోతోందనుకోండి, అంటే నాలుగో వంతు సమయం. 24 ఆంప్స్ ఆర్ఎంఎస్ రావాలంటే ఆ గుబ్బ ఎత్తు 68 ఆంప్స్ దాకా ఉండాలి. దీని సగటు 10.8. దాన్ని 1.11తో హెచ్చవేస్తే 12. మీ మీటరు చూపించింది ఇదే. గుబ్బ సగం సైన్ ఆకారంలో ఉంటే ఒక సులువు లెక్క ఉంది: సగటు మీటరు చూపేది అసలు విలువలో, కరెంటు పారే సమయ భాగానికి వర్గమూలమంత. నాలుగో వంతు సమయమైతే సగం చూపిస్తుంది. ఆంప్స్‌లో సగం తేడా ఉంటే వేడిలో నాలుగు రెట్ల తేడా. 12 అని మీరు ధైర్యంగా ఉన్న వైరులో 24కి తగ్గ వేడి పుడుతోంది.

చాలామంది ఇంకో దగ్గర కూడా మోసపోతారు. ఆ గుబ్బ లెక్కన 30 సిస్టమ్‌లకీ కలిపి సుమారు 3,400 వాట్లు. 230తో భాగిస్తే 14.8 వస్తుంది. "మీటరు 12 అంటోంది, లెక్క 15 అంటోంది, రెండూ 16 లోపే" అని నిశ్చింతగా ఉంటారు. ఆ భాగహారం పవర్ ఫ్యాక్టర్ 1 అనుకుని చేసింది. ఇలాంటి కరెంటుకి అది 0.6 దగ్గర ఉంటుంది. దాంతో కూడా భాగిస్తే మళ్లీ 24 దగ్గరికే వస్తారు.

అసలు ప్రమాదం న్యూట్రల్‌లో ఉంది, మీరు అడగకపోయినా చెప్పాలి. ఏ లోడునైనా మూడు ఫేజులకి సమానంగా పంచితే న్యూట్రల్‌లో ఏమీ ఉండదని నేర్చుకున్నాం. సైన్ కరెంటుకి అది నిజం. ఇక్కడ ఒక ఫేజు గుబ్బ వచ్చే సమయంలో మిగతా రెండూ సున్నాలో ఉంటాయి, కొట్టేసుకోవడానికి ఎదురు కరెంటే లేదు. మూడు ఫేజుల గుబ్బలూ ఒకదాని తర్వాత ఒకటి న్యూట్రల్‌లోనే పడతాయి. ఫేజుకి 24 ఉంటే న్యూట్రల్‌లో 1.73 రెట్లు, అంటే 41.6 ఆంప్స్. అందుకే 3.5 కోర్ కేబుల్, అంటే న్యూట్రల్ సగం సైజుది, ఇలాంటి లోడుకి వేయకూడదు. న్యూట్రల్ లింకు దగ్గర ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగి, ఫేజు వైర్లు మామూలుగా ఉంటే కారణం ఇదే కావచ్చు.

సగటు మీటరుతోనే దీన్ని పట్టుకునే దారి కూడా ఉంది. న్యూట్రల్‌లో కరెంటు 7.5 మిల్లీసెకన్లు పారుతుంది కాబట్టి అక్కడ మీటరు పెద్దగా తప్పు చెప్పదు, 41.6కి 36 చూపిస్తుంది. ఫేజుల్లో 12, న్యూట్రల్‌లో 36! సమానంగా పంచిన రెక్టిఫైయర్ లోడులో న్యూట్రల్ ఫేజుకి 1.73 రెట్లు దాటినట్టు కనిపిస్తే, మీటరు ఫేజు రీడింగుల్ని మింగేస్తోందన్నమాట.

మీ రెండు మీటర్లనీ ముందు ఒక గీజరు ఫేజు వైరు మీద పెట్టండి. ఒక్క వైరే క్లాంప్ లోపల ఉండాలి, దవడలు పూర్తిగా మూసుకోవాలి, వైరు మధ్యలో ఉండాలి. రెండూ కలవాలి. కలవకపోతే మీటరు క్యాలిబ్రేషన్ చూసుకోవాలి. గీజరు మీద కలిసి కంప్యూటర్ లైను మీద విడిపోతే అది పూర్తిగా కరెంటు ఆకారం వల్లే. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూటు ఉన్న పెద్ద సప్లైల మీద రెండూ దాదాపు కలుస్తాయి, చిన్న ఎల్ఈడీ డ్రైవర్ల మీద మళ్లీ విడిపోతాయి.

కొనేటప్పుడు అట్టపెట్టె మీది "డిజిటల్", "6000 కౌంట్లు" చూసి కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. అంకెలు ఎన్ని ఉన్నా, ఒకటిన్నర శాతం కచ్చితత్వం అని రాసినా, సగటు మీటరులో ఆ హామీ సైన్ కరెంటుకే. మీటరు ముఖం మీద True RMS అని ఉండాలి, పుస్తకంలో క్రెస్ట్ ఫ్యాక్టర్, అంటే గుబ్బ ఎత్తు ఆర్ఎంఎస్‌కి ఎన్ని రెట్లు ఉన్నా మీటరు తట్టుకుంటుందన్న అంకె, కనీసం 3 అని ఉండాలి. మీ గుబ్బకి అది 2.83, అంటే అంచునే ఉంది. ఆ 3 అన్నది పూర్తి రేంజి దగ్గరా, సగం దగ్గరా అన్నది కూడా చదవండి. అనుమానం వస్తే ఒక రేంజి పైకి మార్చండి. రీడింగు పెరిగితే ముందు రేంజిలో గుబ్బ తల తెగిపోతోందన్నమాట. రేంజి అడుగున కూడా నమ్మకం తక్కువ. ఒకే సిస్టమ్ కొలవాలంటే వైరుని క్లాంప్ గుండా పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెని పదితో భాగించండి.

ఇక మీ లైను సంగతి. 32 ఆంప్స్ ఎంసీబీ వేస్తే పడటం ఆగుతుంది, కానీ గోడలో ఉన్న 2.5 స్క్వేర్ ఎంఎం వైరు మారదు కదా. అప్పుడు వేడెక్కి మాడేది వైరే. సిస్టమ్‌లని పదేసి చొప్పున మూడు లైన్లుగా విడగొట్టి, ఒక్కో లైనుకి విడిగా ఎంసీబీ, విడిగా పూర్తి సైజు న్యూట్రల్ బోర్డు దాకా లాగండి. ఒక్కో దాంట్లో 8 ఆంప్స్ వస్తాయి. మూడింటినీ మూడు ఫేజుల మీద పెడితే, బోర్డు నుంచి వెనక్కి వెళ్లే మెయిన్ న్యూట్రల్‌లో దాదాపు 14 ఆంప్స్ ఉంటాయని లెక్కలో వేసుకోండి. పని అయ్యాక అన్నీ ఆన్ చేసి గంట ఆగి, ఆ ట్రూ ఆర్ఎంఎస్ మీటరుతోనే న్యూట్రల్‌ని మళ్లీ కొలవండి.