విపశ్యనకి మొదటిసారి వెళ్తున్నారా? మౌనం సులువే, కూర్చోవడమే కష్టం

ప్రశ్న: ఎప్పుడూ ధ్యానం చేసినవాణ్ణి కాదు. సెలవు పెట్టి పది రోజుల విపశ్యన కోర్సుకి వెళ్దామనుకుంటున్నా. అన్ని రోజులు మాట్లాడకుండా ఉండగలనా అని టెన్షన్. అక్కడ రోజు ఎలా గడుస్తుంది? మనసుని ఎలా సిద్ధం చేసుకోవాలి?

జవాబు: మౌనం గురించి బెంగపడకండి. తోటివాళ్లతో మాటలు, సైగలు కుదరవు, చూపులు కూడా కలపకూడదు. అయితే దుప్పటి కావాలన్నా, కడుపు నొప్పి వచ్చినా కోర్సు నడపడంలో సాయపడే ధమ్మ సేవకులకి చెప్పొచ్చు. ధ్యానంలో సందేహాలుంటే మధ్యాహ్న భోజనం తర్వాత ఆచార్యులని అడగొచ్చు. "ఏ ఊరండీ, ఏం చేస్తుంటారు?" అని ఎవరూ పలకరించకపోవడం నాకైతే హాయిగానే అనిపించింది.

నేను వెళ్లింది హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రానికి. విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో నడిచే కేంద్రాల్లో పది రోజుల కోర్సు ఎక్కడైనా ఒకే తీరు. తెల్లవారుజామున 4 గంటలకి గంట కొడతారు. 4.30 నుంచి 6.30 దాకా ధ్యానం, తర్వాత టిఫిను. 11 గంటలకి భోజనం. సాయంత్రం 5 గంటలకి కొత్తవాళ్లకి టీ, పళ్లు, కాస్త మరమరాలు. ఇక మర్నాటి టిఫిను దాకా ఏమీ ఉండదు. ఆకలి పెద్ద సమస్య కాలేదు గానీ, షుగర్ ఉన్నవాళ్లు దరఖాస్తులోనే ఆ విషయం రాయాలి. రాత్రి 7 గంటలకి గోయెంకా గారి ప్రసంగం రికార్డింగు వేస్తారు, దాన్ని తెలుగులోనూ వినొచ్చు. 9.30కి దీపాలు ఆర్పేస్తారు. ఫోన్, పుస్తకం, పెన్ను అన్నీ చేరిన రోజే అప్పగించాలి.

మొదటి మూడు రోజులు ఆనాపాన, అంటే ముక్కు దగ్గర వచ్చీపోయే శ్వాసని గమనించడం మాత్రమే. అసలు పరీక్ష నాలుగో రోజు మొదలవుతుంది. ఆ రోజు అసలు విపశ్యన, అంటే ఒళ్లంతా కలిగే అనుభూతులని స్పందించకుండా గమనించడం నేర్పుతారు. అక్కడి నుంచి రోజుకి మూడుసార్లు, గంట చొప్పున అధిష్ఠానం. ఆ గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులు విప్పకుండా, కాళ్లు మార్చకుండా కూర్చోవాలి. మొదట్లో నాకు అరగంట బాగానే గడిచేది. తర్వాత ఎడమ మోకాలి లోపలి వైపు ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుండేది. "ఇంకెంతసేపు?" అని ఎదురుచూసే కొద్దీ అది పెరిగేది. దాన్నే నిదానంగా చూస్తే అందులో వేడి, లాగుడు, జివ్వుమనడం విడివిడిగా తెలిసేవి. కాసేపు ఒకటి ఎక్కువ, కాసేపు ఇంకొకటి. నొప్పి పోయేది కాదు గానీ దానిమీద విసుగు తగ్గేది. వాళ్లు నేర్పేది కూడా అదే. నొప్పి పోగొట్టడం అక్కడ లక్ష్యమే కాదు.

ఇక్కడ మొండితనం పనికిరాదు. లేచి నాలుగడుగులు వేయగానే తగ్గే తిమ్మిరితో ఏం కాదు. నడుస్తున్నప్పుడూ నొప్పి ఉంటే, లేదా ముందే మోకాళ్ల జబ్బు ఉంటే కుర్చీ అడగండి, ఇస్తారు. కుర్చీలో కూర్చుంటే ధ్యానం తక్కువేమీ కాదు.

మనసు సంగతికొస్తే, అది వెళ్లిపోదామని గొడవ చేస్తుంది. రెండో రోజు, ఆరో రోజు చాలామందికి కష్టంగా ఉంటాయంటారు. దానికి దొరికే సాకులు చూస్తే నవ్వొస్తుంది: కరెంటు బిల్లు కట్టానా, అమ్మ మందులు అయిపోయాయా, ఆఫీసులో ఆ మెయిల్ వెళ్లిందా. అందుకే ధ్యానం ప్రాక్టీసు కన్నా ముందు ఈ సాకులు మిగలకుండా చూసుకోండి. బిల్లులు కట్టేసి, పని ఒకరికి అప్పగించి, కేంద్రం ఆఫీసు నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అత్యవసరమైతే కబురు మీదాకా వస్తుంది. వెళ్లే ముందు రెండు వారాలు తెల్లారే లేచి నేలమీద ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి, చాలు. వెళ్లాక లేచి వచ్చేద్దామనిపిస్తే ఆ నిర్ణయం మధ్యాహ్నం తీసుకోకండి. రాత్రి ప్రసంగం అయ్యాక ఆలోచించండి. ఆ రోజు మీరు పడ్డ అవస్థ గురించే చాలాసార్లు అందులో గోయెంకా గారు మాట్లాడతారు.

ఒక్క విషయంలో మాత్రం ఓర్చుకోకండి. వరసగా నిద్ర పట్టకపోయినా, గుండె దడ, భయం ఆగకపోయినా అదే రోజు ఆచార్యులకి చెప్పండి. డిప్రెషన్, పానిక్ లాంటివాటికి మందులు వాడుతుంటే మీ డాక్టర్ని అడిగి, దరఖాస్తులో దాచకుండా రాయండి. మందులు సొంతంగా ఆపొద్దు. ఇప్పుడు వద్దని కేంద్రం వాళ్లు అంటే వినండి.

సెలవు పది రోజులే పెడితే సరిపోదు. ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరాలి, పదకొండో రోజు పొద్దున బయటికి పంపుతారు. పదో రోజు ఉదయమే మౌనం వదిలిస్తారు కాబట్టి మాటలు మళ్లీ అలవాటవుతాయి. ఫీజు లేదు, కోర్సు పూర్తయ్యాక ఇష్టమైతే దానం ఇవ్వొచ్చు. ఇంటికొచ్చాక ఇంకో రోజు ఖాళీగా ఉంచుకోండి. ఫోన్‌లో పేరుకున్న మెసేజ్‌లు చూడ్డానికే సగం పూట పడుతుంది.