అర్ధరాత్రి గుడ్ మార్నింగ్

*మాది పర్లాకిమిడి. పుట్టిల్లు పక్కనే పాతపట్నం. మా బావగారు మెల్‌బోర్న్‌లో ఉంటారు. రోజూ మా అత్తగారి సెల్లుకి గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడతారు. అది మాకు రాత్రి రెండింటికి వస్తుంది. ఆవిడ ఉలిక్కిపడి లేస్తారు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి నన్ను లేపుతారు. ఒక్కోసారి చప్పుడు కాకముందే లేచి కూర్చుంటున్నారు. చదివి వినిపించాక గంటసేపు కబుర్లు. నేను ఐదింటికి లేవాలి. మా వారు పక్క గదిలో పిల్లలతో పడుకుంటారు, ఆయనకి తెలివి రాదు. అన్నయ్యకి చెప్పమంటే, "అమ్మ మందులకీ ఇంటి స్లాబుకీ డబ్బులిచ్చిన మనిషికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను" అంటారు. సెప్టెంబరులో మా తోటికోడలికి మెల్లగా చెప్పాను. అక్టోబరు మొదటి వారం నుంచి రెండింటికి బదులు ఒంటిగంటకే వస్తోంది. కావాలనే చేస్తున్నారు. బావగారికి నేనే నేరుగా చెప్పనా, తోటికోడలికి ఇంకోసారి గట్టిగా చెప్పనా?*

*— పేరు వద్దు, గజపతి జిల్లా*

అమ్మా, రెండూ వద్దు. ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు. ఎందుకన్నది చెబుతాను గానీ, ముందు మీ మనసులో పడిన ఒక అనుమానం తీసెయ్యాలి. అది అలాగే ఉంటే మిగతా ఏ మాటా చెవికెక్కదు.

మీ బావగారు పట్టుదలకి పోయి మెసేజ్‌ని ముందుకి జరపలేదు. మెల్‌బోర్న్‌లో ఏటా అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుతారు. ఏప్రిల్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. అక్కడ ఎండాకాలం మనకి చలికాలంలో వస్తుంది, ఆ ఎండాకాలం వెలుతురుని వాడుకోవడానికి ఆ ఏర్పాటు. గడియారం తిప్పకముందు వాళ్ళు మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటారు. తిప్పాక ఐదున్నర గంటలు. మీ ఇంట్లో రెండు గంటలంటే అప్పట్లో ఆయనకి తెల్లవారి ఆరున్నర. ఇప్పుడు మీకు ఒంటిగంట అయినా ఆయనకి అదే ఆరున్నర. ఆయన రోజూ ఒకే వేళకి లేచి, బహుశా పనికి బయల్దేరుతూ, ముందు తల్లికి ఒక పువ్వు బొమ్మ పంపుతున్నాడు. జరిగింది గడియారం, ఆయన కాదు. మీరు సెప్టెంబరులో చెప్పడం, అక్టోబరులో వేళ మారడం వెంటవెంటనే జరిగాయి కాబట్టి మీకు అలా అనిపించింది. మీ తోటికోడలు ఆ మాట మొగుడి దాకా చేరవేసిందో లేదో కూడా మనకి తెలీదు. కాబట్టి ఆవిడ మీద పెంచుకున్న కోపం కూడా ఇక్కడితో దించెయ్యండి.

సెల్లు సంగతి రెండు మాటల్లో తేలుస్తాను. వాట్సాప్‌లో బావగారి పేరు మీద నొక్కితే మ్యూట్ అని ఉంటుంది, ఎల్లకాలానికీ పెట్టుకోవచ్చు. అప్పుడు మెసేజ్ వస్తుంది కానీ చప్పుడు రాదు. ఫోన్ చేస్తే మాత్రం మామూలుగానే మోగుతుంది. "నిజంగా ఏదైనా అవసరం వస్తే ఎలా" అని మీ అత్తగారు అడిగితే అదే చెప్పండి: అవసరమైతే వాడు ఫోన్ చేస్తాడు, పువ్వు బొమ్మ పంపడు. సెల్లు మొత్తాన్ని సైలెంటులో పెట్టకండి, అప్పుడు ఫోను కూడా వినబడదు. ఇంకో మాట, ఆవిడకి చెప్పకుండా చాటుగా మ్యూట్ చెయ్యొద్దు. మూడో రోజుకి "నా కొడుకు మెసేజ్ ఎందుకు రాలేదు" అని దిండు కింద వెతుక్కుంటారు. సంగతి బయటపడ్డ రోజు, కొడుకు గొంతు నొక్కిన కోడలని మీకు పేరొస్తుంది.

అయితే ఈ మ్యూట్ ఒక్కదానితో మీ నిద్ర మీకు దక్కదు. ఎందుకు దక్కదో మీ ఉత్తరంలోనే ఉంది. చప్పుడు కాకముందే ఆవిడ లేచి కూర్చుంటున్నారని మీరే రాశారు. ఒక నాలుగు రాత్రులు గమనించండి. చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తే అది భయం. మీ అత్తగారి తరానికి అర్ధరాత్రి వచ్చిన కబురంటే టెలిగ్రామే. సైకిలు బెల్లు వినగానే ఇంట్లో ఆడవాళ్ళు ముందు ఏడుపు మొదలుపెట్టి, తర్వాత కాగితం చదివించుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి. టెలిగ్రాములు 2013 జూలైలో ఆగిపోయాయి కానీ, ఆ భయం ఆ వయసువాళ్ళ ఒంట్లోంచి పోలేదు. ఈ భయానికైతే మ్యూట్ సరిపోతుంది. చప్పుడు కన్నా ముందే లేచి, సెల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే మాత్రం అది ఎదురుచూపు. ఎదురుచూసే మనిషికి చప్పుడు తీసేస్తే అరగంటకోసారి సెల్లు వెలిగించి చూసుకుంటారు, వచ్చిందా లేదా అని మిమ్మల్నే లేపుతారు. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో రెండోదే ఎక్కువనిపిస్తోంది. రోజు మొత్తంలో పెద్దకొడుకు నుంచి ఆవిడకి వచ్చే పలకరింపు అదొక్కటే అయితే, అది ఏ వేళకి వస్తే ఆ వేళకే ఆవిడకి తెల్లవారుతుంది.

ఇక అసలు మాట. మీ ఇంట్లో తెగింది మీకూ బావగారికీ మధ్య కాదు, మీకూ అత్తగారికీ మధ్య అంతకన్నా కాదు. మీ ఆయనకీ వాళ్ళ అన్నయ్యకీ మధ్య తెగింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, "ఇది అర్ధరాత్రి వస్తోంది, అమ్మకి నిద్ర పోతోంది" అనే ఇంత చిన్న మాట మాట్లాడుకోలేకపోతున్నారు. డబ్బు పుచ్చుకున్నందుకు తమ్ముడికి నోరు పెగలడం లేదు. తల్లి రాత్రి లేచి కూర్చుంటోందన్న సంగతి అన్నకి చెప్పినవాళ్ళు లేరు. తెలియని మనిషి మీద తప్పు వెయ్యలేను. తప్పు మీ ఆయనదే.

దీని మీద నేను గట్టిగా మాట్లాడడానికి కారణముంది. మా నాన్న తన అన్నగారి దగ్గర ఒకసారి అప్పు తీసుకున్నారు. అప్పు తీరిపోయింది కానీ, ఆ తర్వాత పదేళ్ళ పాటు ఆయన ఎదుట మా నాన్న కుర్చీలో కూర్చోలేదు. కాదనాల్సిన ప్రతి మాటా మా అమ్మ చేత చెప్పించేవారు. పండక్కి రాలేమన్నా, గట్టు తగాదా గురించి అడగాలన్నా అమ్మే వెళ్ళాలి. చివరికి ఊళ్ళో ఏమని స్థిరపడిపోయిందంటే, అన్నదమ్ములు మంచివాళ్ళే, చిన్నకోడలే గయ్యాళి అని. మా అమ్మ ఆ పేరుతోనే పోయింది. అందుకే మీరు తోటికోడలికి మెల్లగా చెప్పానని రాసిన దగ్గర నేను చదవడం ఆపేశాను. మీరూ ఆ దారిలో మొదటి అడుగు వేశారు. రెండో అడుగు వెయ్యకండి.

మీ ఆయనకి ఈ ఉత్తరం చూపించండి. ఆయనకి నేను చెప్పేది ఇదీ. బాబూ, మీ అన్నయ్య మీ అమ్మ మందులకి డబ్బు పంపితే అది మీకిచ్చిన దానం కాదు, ఆయన తన తల్లికి పెట్టుకున్న ఖర్చు. స్లాబు ఆయన వేయించి ఉండొచ్చు, దాని కింద అమ్మని కనిపెట్టుకుని ఉన్నది మీరూ మీ భార్యానూ. ఆ డబ్బుని లెక్కలో రాసుకునేటప్పుడు మీ భార్య మేలుకున్న రాత్రులు కూడా రాసుకోవాలి కదా. అన్నకి రుణపడి ఉండడం వేరు, అన్న ముందు మూగగా ఉండడం వేరు. తమ్ముడు మూగగా ఉంటే అన్నకి కూడా నష్టమే, తల్లి ఎలా ఉందో ఆయనకి తెలిసే దారి మూసుకుపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకటిన్నరకి మీరే ఫోన్ చెయ్యండి. వాళ్ళకి అప్పుడు సాయంత్రం ఏడవుతుంది, తీరిగ్గా ఉంటారు. మీ భార్యని పక్కన కూర్చోబెట్టుకుని "మీ మరదలు అంటోంది" అని మొదలుపెట్టొద్దు. మీ మాటగా చెప్పండి. "అన్నయ్యా, నువ్వు ఆరున్నరకి పెట్టే మెసేజ్ ఇక్కడ రాత్రి ఒంటిగంటకి వస్తోంది. అమ్మ దానికోసం లేచి కూర్చుంటోంది. పొద్దున్న కాకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకి అన్నం తినేటప్పుడు పెట్టు, ఇక్కడ ఏడవుతుంది. పువ్వు బొమ్మ వద్దు, నీ గొంతుతో నాలుగు మాటలు తెలుగులో పంపు." ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. డబ్బు సంగతి ఎత్తొద్దు, "ఏమీ అనుకోవద్దు" అని పదిసార్లు బతిమాలొద్దు.

గొంతు పంపమనడానికి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. బొమ్మ మీద ఇంగ్లీషు అక్షరాలుంటే చదవడానికి మనిషి కావాలి. గొంతైతే అక్కర్లేదు. ఒక వేలు పెడితే చాలు, "అమ్మా, టిఫిన్ తిన్నావా" అని కొడుకే అడుగుతాడు. ఎక్కడ నొక్కాలో ఆవిడకి రెండు మూడు రోజులు చూపిస్తే వచ్చేస్తుంది. పదేపదే వేసుకుని వింటారు, విననివ్వండి.

ఇక మీకు, అమ్మా. అన్నదమ్ములు మాట్లాడుకున్న ఆ రాత్రి నుంచే అంతా సర్దుకోదు. చాలా నెలలుగా ఆవిడకి ఆ వేళకి తెలివి రావడం అలవాటైపోయింది. ఇంకో పది పదిహేను రోజులు ఒంటిగంటకి లేస్తారు, సెల్లు చూస్తారు. ఆ రోజుల్లో ఆవిడ గదిలో మీ ఆయన్ని పడుకోమనండి, పిల్లల దగ్గర మీరు పడుకోండి. "వాడు మెసేజ్ పెట్టలేదేం" అని ఆవిడ అడిగితే, "పొద్దున్న ఏడింటికి మాట్లాడతాడమ్మా" అని చిన్నకొడుకు నోటి నుంచే రావాలి. అదే మాట మీరంటే మీరు ఆపించారనుకుంటారు. మీరు మాత్రం ఈ లోపల "మీ అబ్బాయికి రాత్రీ పగలూ తెలీదా" లాంటి మాట ఒక్కటి కూడా అనకండి. నిద్ర లేని చికాకులో వచ్చిన మాటైనా సరే, ఆవిడ మర్చిపోరు.

ఏప్రిల్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారని చెప్పాను కదా. అప్పట్నుంచి ఆయన అదే పన్నెండున్నరకి మాట్లాడినా మీకు ఏడింటికి బదులు ఎనిమిదింటికి వస్తుంది. ఆ గంటసేపూ మీ అత్తగారు కంగారు పడకుండా ముందు రోజే చెప్పి ఉంచాలి. అది కూడా మీ ఆయన్నే చెప్పమనండి.