పీడకలను పగలే మార్చి రాసుకోవడం: నాకు ఎలా పనిచేసిందంటే

"వారంలో మూడు నాలుగు రాత్రులు ఒకటే పీడకల వచ్చి ఉలిక్కిపడి లేస్తున్నాను. మళ్లీ పడుకోవాలంటే భయం. కల ముగింపు మార్చి రాసుకుంటే తగ్గుతుందట. ఎవరైనా చేశారా? ఎలా చేయాలి?"

చేశానండి. మాది వైజాగ్‌లో లాసన్స్ బే కాలనీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలికి మా బాల్కనీ తలుపు అద్దం పగిలింది. ఆ తర్వాత చాలాకాలం ఒకటే కల. అద్దం వణుకుతుంది, భళ్లున పగులుతుంది, సముద్రం మెట్లెక్కి ఇంట్లోకి వస్తుంది, అమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోతుంది. అక్కడే మెలకువ వచ్చేది.

ఒక సైకాలజిస్ట్ గారు ఇమేజరీ రిహార్సల్ అనే ఈ పద్ధతి నేర్పారు. పగలు, తీరిగ్గా ఉన్నప్పుడు కలను నాలుగు వాక్యాల్లో రాయాలి. తర్వాత మీకు నచ్చినట్టు మార్చి కొత్త కల రాసుకోవాలి. ఇక రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కొత్త కలనే మనసులో చూడాలి. పాతదాన్ని మళ్లీ నెమరేయకూడదు.

నేను మొదట తప్పు చేశాను. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, నీళ్లకు ఎదురీది మేడ ఎక్కినట్టు రాశాను. చదువుతుంటేనే గుండె దడ. వారమైనా కల తగ్గలేదు. ఆ కాగితం చూసి సైకాలజిస్ట్ గారు, "నీళ్లు ఇంట్లోకి వచ్చేదాకా ఎందుకమ్మా ఆగడం? అంతకుముందే మార్చండి" అన్నారు.

అలాగే మార్చాను. అద్దం వణకగానే నేనే వెళ్లి తలుపు తీస్తాను. బయట గాలి లేదు, తెల్లవారుతోంది. ఇసుక మీద వలలు ఆరేసి ఉన్నాయి. వెనక నుంచి అమ్మ, "కాఫీ చల్లారిపోతోందే" అంటుంది. స్టీలు గ్లాసు వేడి చేతికి తగులుతుంది. ఆ వేడి దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు తేలికపడేది. మీ కొత్త కల సరిగ్గా కుదిరిందో లేదో తెలిసేది అక్కడే: తలుచుకుంటే ఒళ్లు బిగుసుకుంటుంటే ఇంకాస్త ముందు నుంచి మార్చండి.

మూడో వారంలో కల వచ్చింది కానీ అద్దం వణికి ఊరుకుంది, పగల్లేదు. నాకు మెలకువ రాలేదు. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునేదాన్ని. వారానికి నాలుగు ఉండేవి, రెండు నెలలు గడిచేసరికి వారానికి ఒకటయ్యాయి. కాఫీ గ్లాసు కల మాత్రం నిద్రలో ఒక్కసారీ రాలేదు. రావాలని ఎదురుచూడక్కర్లేదు కూడా.

మీకు రకరకాల పీడకలలు వస్తుంటే అన్నిటికంటే తేలికైనదానితో మొదలుపెట్టండి. నిజంగా జరిగిన దాడో, ప్రమాదమో ఉన్నదున్నట్టు కలలోకి వస్తుంటే ఒంటరిగా చేయకండి, సైకాలజిస్ట్ దగ్గర చేయండి. వైజాగ్‌లో అయితే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంకో మాట. ప్రొప్రనలాల్ లాంటి బీపీ మందులు, కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా పీడకలలు రావచ్చు. కొత్త మందు మొదలుపెట్టాకే ఇవి వస్తుంటే, మీ అంతట మీరు మానేయకుండా డాక్టర్‌ని అడగండి. నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతూ కేకలు వేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెబితే, ముందు డాక్టర్‌కి చూపించుకోండి.